వంటగట్టుకు మెరుపు... మేస్త్రీ ఊపిరికి ముప్పు

మీ ఇంట్లో వంటగట్టు వేయించిన రోజు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గ్రానైట్‌ పలక వచ్చింది. సింకు కోసం, స్టవ్‌ కోసం కోత పెట్టాలి. మేస్త్రీ బాల్కనీలో గొంతుక్కూర్చుని, చేతి గ్రైండర్‌కు డైమండ్‌ బ్లేడు బిగించి మీట నొక్కాడు. చెవులు చిల్లులు పడే మోత. క్షణాల్లో మనిషి కనిపించనంత తెల్లటి పొగ. మీరు గబగబా తలుపులు మూసి, సోఫా మీద దుప్పటి కప్పి, పిల్లల్ని పక్క గదిలోకి పంపించి ఉంటారు. మంచి పనే. మరి ఆ పొగ మధ్యలో కూర్చున్న మనిషి సంగతి? ముక్కుకు కర్చీఫ్‌ కట్టుకున్నాడు. సాయంత్రానికి కనుబొమ్మలు, వెంట్రుకలు, చొక్కా అంతా పిండి కొట్టినట్టు తెల్లబడ్డాయి. కుళాయి దగ్గర మొహం కడుక్కుని, డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. రేపు మరో ఇల్లు, ఎల్లుండి ఇంకో ఇల్లు.

ఒంటి మీద దుమ్ము నీళ్లతో పోయింది. లోపలికి వెళ్లింది మాత్రం పోలేదు. ఆ మిగిలిపోయిన దుమ్ము చేసే జబ్బు పేరు సిలికోసిస్‌. దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బులన్నిటినీ కలిపి న్యూమోకోనియోసిస్‌ అంటారు. బొగ్గు గనుల్లో పనిచేసేవారికి బొగ్గు దుమ్ముతో వచ్చేది, ఆస్‌బెస్టాస్‌ నారతో వచ్చేది ఈ కుటుంబంలోవే. రాయి కొట్టేవారిని, క్వారీలు, గనుల్లో డ్రిల్లింగ్‌ చేసేవారిని, కంకర మిషన్ల దగ్గర పనిచేసేవారిని పట్టేది సిలికోసిస్‌. ఇది ఒకసారి వస్తే తగ్గదు. కానీ రాకుండా ఆపడం పూర్తిగా మన చేతిలో పని. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడానే ఈ వారం మీతో చెప్పాలనుకుంటున్నది.

రాయిలో ఏముంది?

గ్రానైట్‌ను దగ్గరగా చూస్తే రకరకాల రవ్వలు కనిపిస్తాయి. వాటిలో గాజులా పారదర్శకంగా, బూడిద రంగులో ఉండేది క్వార్ట్‌జ్‌. అంటే స్ఫటిక రూపంలోని సిలికా. మన ఇసుకలో ఉండేదీ చాలావరకు ఇదే. మామూలు గ్రానైట్‌లో దాదాపు మూడో వంతు దాకా ఈ సిలికాయే ఉంటుంది. ఇసుకరాయిలో ఇంకా ఎక్కువ. పాలరాయి, కడప బండ, తాండూరు బండ సున్నపురాయి జాతివి కాబట్టి వాటిలో సిలికా తక్కువ. చీమకుర్తి నల్లరాయిని మనం గ్రానైట్‌ అనే పిలుస్తాం గానీ, నిజానికది గ్యాబ్రో అనే వేరే జాతి రాయి, దానిలో క్వార్ట్‌జ్‌ చాలా తక్కువ. ఇక ఇప్పుడు ఫ్లాట్లలో కొత్తగా వేయిస్తున్న ‘క్వార్ట్‌జ్‌ టాప్‌’లు ఉన్నాయి చూడండి... అవి గనిలోంచి తీసిన పలకలు కావు. క్వార్ట్‌జ్‌ పొడిని జిగురుతో కలిపి, అచ్చులో ఒత్తి చేసినవి. వాటిలో 90 శాతానికి పైగా సిలికా ఉండొచ్చు. మరక పట్టదని, ఒకే రంగులో అందంగా ఉంటుందని మనం మెచ్చుకునే ఆ పలకే కోసేవాడికి అన్నిటికంటే ప్రమాదకరమైనది.

ఇక్కడో మాట స్పష్టంగా చెప్పుకోవాలి. వేసేసిన గట్టు మీద మీరు వంట చేసుకుంటే ఏ ప్రమాదమూ లేదు. రాయి రాయిగా ఉన్నంతసేపూ అది ఎవరినీ ఏమీ చేయదు. ఇంట్లో ఒకటి రెండు రోజులు లేచిన దుమ్ముతో మీకు సిలికోసిస్‌ వస్తుందని కంగారు పడక్కర్లేదు. ఇది ఏళ్ల తరబడి, రోజూ ఆ దుమ్ములో బతికేవారి జబ్బు.

కంటికి కనిపించని దుమ్మే అసలు దుమ్ము

మేస్త్రీ జుట్టులో పేరుకున్న తెల్లటి పిండి చూడటానికి భయంకరంగా ఉంటుంది. నిజానికి అది అంత చెడ్డది కాదు. ఆ రేణువులు పెద్దవి. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తడి వాటిని పట్టేస్తాయి. చీదితే, ఖాకరిస్తే బయటకు వచ్చేస్తాయి. ప్రమాదమంతా కంటికి ఆనని రేణువుతోనే. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. ఊపిరితిత్తుల చిట్టచివరికి చేరే రేణువు 5 మైక్రాన్లకు లోపే. అంటే వెంట్రుక మందంలో పద్నాలుగో వంతు కన్నా చిన్నది. ఇది బరువు లేనట్టే గాల్లో తేలుతుంది. కోత ఆగి, పొగ తగ్గి, గది శుభ్రంగా కనిపిస్తున్నప్పుడు కూడా గంటల తరబడి గాల్లోనే ఉంటుంది. మేస్త్రీ కర్చీఫ్‌ విప్పి టీ తాగేది సరిగ్గా అప్పుడే.

ఎంత దుమ్ము ఎక్కువ? అమెరికాలో 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనిలో సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములకు మించి సిలికా ఉండకూడదు. ఈ అంకె మన ఊహకు అందేలా చూద్దాం. కష్టపడి పనిచేసే మనిషి ఒక పూట పనిలో సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. అంటే రోజుకు 500 మైక్రోగ్రాములు, అర మిల్లీగ్రాము. మనం కూరలో వేసే మెత్తటి ఉప్పులో ఎనిమిది, తొమ్మిది రవ్వలు లెక్కపెట్టి పక్కన పెడితే ఎంత బరువుంటాయో అంత. రోజంతటికీ హద్దు అదీ! మూసిన గదిలో పొడి గ్రైండర్‌తో గ్రానైట్‌ కోస్తే గాల్లో సిలికా ఆ హద్దును పదుల రెట్లు దాటిపోతుంది.

లోపల ఏం జరుగుతుంది?

మన ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు చెట్టు కొమ్మల్లా చీలుతూ పోయి, చివర్లో ద్రాక్షగుత్తుల్లాంటి గాలి గదుల్లో ముగుస్తాయి. ఇవి 30 కోట్లకు పైగా ఉంటాయి. వాటి గోడలు ఎంత పలచనంటే, గోడకు అటువైపున్న రక్తంలోకి ప్రాణవాయువు ఇట్టే దాటిపోతుంది. ఈ గదులకు కాపలాగా ఒక రకం తెల్ల కణాలు తిరుగుతుంటాయి. వీటిని మాక్రోఫేజ్‌లంటారు. సూక్ష్మజీవి గానీ మసి గానీ లోపలికి వస్తే దాన్ని మింగి, తమలోని జీర్ణరసాల సంచిలో వేసి కరిగించేయడం వీటి పని.

సిలికా రేణువు వచ్చినప్పుడు కూడా ఈ కాపలా కణం అదే పని చేస్తుంది. మింగుతుంది. కానీ రాయి కరగదు. పైగా అప్పుడే పగిలిన రాతి రేణువు అంచులు రసాయనికంగా చాలా చురుగ్గా ఉంటాయి. నిలవున్న దుమ్ము కంటే అప్పటికప్పుడు కోత నుంచి లేచిన దుమ్ము ఎక్కువ హాని చేసేది అందుకే. ఆ రేణువు కణం లోపలి జీర్ణరసాల సంచిని చీలుస్తుంది. రసాలు ఒలికి కణం తననుతానే దెబ్బతీసుకుంటుంది. చచ్చిపోయే ముందు ‘ఇక్కడ ప్రమాదం ఉంది, రండి’ అంటూ రసాయన సంకేతాలు పంపుతుంది. వాపు మొదలవుతుంది. చచ్చిన కణం నుంచి రాతి రేణువు చెక్కుచెదరకుండా బయటపడుతుంది. మరో కణం వచ్చి దాన్ని మింగుతుంది. అదీ చస్తుంది. ఒకే రేణువు ఇలా ఎన్ని కణాలనైనా బలి తీసుకుంటూ పోతుంది.

ఇలా ఆరని వాపు ఉన్నచోట శరీరం ఏం చేస్తుంది? చేయి తెగితే చేసే పనే. మచ్చ కడుతుంది. గాయాన్ని పూడ్చే కణాలు వచ్చి కొలాజెన్‌ అనే గట్టి పీచు పదార్థాన్ని అల్లుతాయి. చేతి మీద గాయం మానితే మచ్చ కట్టడం ఆగిపోతుంది. ఇక్కడ గాయం మానదు కాబట్టి మచ్చ కట్టడం కూడా ఆగదు. రేణువుల చుట్టూ ఉల్లిపాయ పొరల్లా పీచు చుట్టుకుని చిన్న చిన్న గట్టి గడ్డలు తయారవుతాయి. మొదట ఇవి ఊపిరితిత్తుల పైభాగంలో ఆవగింజల్లా కనిపిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ పక్కపక్క గడ్డలు కలిసిపోయి పెద్ద ముద్దలవుతాయి. స్పాంజిలా సాగి ముడుచుకోవాల్సిన ఊపిరితిత్తి అక్కడ అట్టకట్టినట్టు బిగుసుకుపోతుంది. గాలి లోపలికి వెళ్లినా, ప్రాణవాయువు రక్తంలోకి దాటే పలచని గోడలు అక్కడ లేవు.

ఇందులో అన్నిటికంటే బాధాకరమైన విషయం ఒకటుంది. పని మానేసినా ఈ జబ్బు ఆగుతుందని గ్యారంటీ లేదు. లోపల చేరిన రేణువులు అక్కడే ఉంటాయి కాబట్టి, దుమ్ము వదిలేసిన పదేళ్లకు కూడా మచ్చ పెరుగుతూ పోవచ్చు.

పదేళ్లు చప్పుడు చేయదు

దుమ్ము ఎంత, ఎన్నాళ్లు అన్నదాన్ని బట్టి జబ్బు వేగం మారుతుంది. ఓ మోస్తరు దుమ్ములో పదేళ్లు దాటి పనిచేసినవారిలో నెమ్మదిగా వచ్చేది ఎక్కువగా కనిపించే రకం. దుమ్ము మరీ ఎక్కువైతే ఐదు నుంచి పదేళ్లలోనే వస్తుంది. క్వార్ట్‌జ్‌ రాయిని పిండి చేసే మిల్లుల్లాంటి చోట్ల కొన్ని నెలల నుంచి ఒకటి రెండేళ్లలోనే గాలి గదులు చిక్కటి ద్రవంతో నిండిపోయి ప్రాణం తీసే రకం కూడా ఉంది.

మామూలుగా జరిగే కథ ఎలా ఉంటుందో ఒక మనిషిని ఊహించుకుని చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఇలాంటి రోగుల్లో కనిపించే క్రమం. ఇరవై ఏళ్ల వయసులో గ్రానైట్‌ పనిలోకి దిగాడు. పగలంతా పొడి కోత, పొడి పాలిష్‌. ముప్పై దాటే వరకు ఏమీ తెలియలేదు. ఎక్స్‌రే తీసి ఉంటే అప్పటికే పైభాగంలో చుక్కలు కనిపించేవి. కానీ దగ్గయినా లేని మనిషికి ఎక్స్‌రే ఎవరు తీస్తారు? ముప్పై మూడో ఏట పొడి దగ్గు మొదలైంది. ‘దుమ్ము పని కదా, మామూలే’ అనుకున్నాడు. మరుసటి ఏడు పలక భుజాన పెట్టుకుని రెండో అంతస్తుకు ఎక్కుతుంటే మధ్యలో ఆగాల్సి వచ్చింది. బరువు తగ్గాడు. ఆస్పత్రికి వెళితే ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తుల పైభాగంలో మచ్చలు. క్షయ కూడా సాధారణంగా పైభాగంలోనే వస్తుంది. దగ్గు, బరువు తగ్గడం, పైభాగంలో మచ్చలు... అంతా క్షయలాగే ఉంది. కళ్లెలో క్షయ క్రిమి కనిపించకపోయినా మందులు మొదలుపెట్టారు. ఆర్నెల్లు వాడాడు. ఆయాసం తగ్గలేదు. కాస్త ఓపిక రాగానే మళ్లీ గ్రైండర్‌ పట్టుకున్నాడు. ఏడాది తర్వాత ఇంకో ఆస్పత్రి, మళ్లీ ఎక్స్‌రే, మళ్లీ క్షయ మందులు. నలభై దాటేసరికి స్నానం చేసి ఒళ్లు తుడుచుకోవడానికి కూడా ఆయాసం.

ఇన్నేళ్లలో అతన్ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటి మిగిలిపోయింది. ‘ఏం పని చేస్తావయ్యా? ఎన్నేళ్ల నుంచి?’ ఆ ప్రశ్న మొదటి ఆస్పత్రిలోనే అడిగి ఉంటే జబ్బు పోయేది కాదు గానీ, దుమ్ములో గడిపిన ఆ చివరి ఏడెనిమిదేళ్లు తప్పేవి. మచ్చ అంత దూరం పాకేది కాదేమో.

క్షయా? సిలికోసిసా? రెండూనా?

ఇక్కడ డాక్టర్లను మాత్రమే తప్పుపట్టడం కూడా సరికాదు. ఎందుకంటే చిక్కు రెండువైపులా ఉంది. సిలికా దెబ్బతీసిన ఆ కాపలా కణాలే క్షయ క్రిమితో పోరాడాల్సినవి. అవి బలహీనపడితే క్షయ సులువుగా పట్టుకుంటుంది. సిలికోసిస్‌ ఉన్నవారికి క్షయ ముప్పు మిగతావారితో పోలిస్తే మూడు రెట్ల దాకా, జబ్బు ముదిరినవారిలో ఇంకా ఎక్కువగా ఉంటుంది. అంటే క్షయ అనుకున్నది సిలికోసిస్‌ కావచ్చు, సిలికోసిస్‌ ఉన్నవాడికి నిజంగానే క్షయ కూడా రావచ్చు. గనుల ప్రాంతాల్లో ఈ రెండూ కలిసి తిరగడం వందేళ్లుగా తెలిసిన సంగతే.

తేడా పట్టుకునే దారి ఉంది. మొదటిది పని చరిత్ర. దుమ్ములో ఎన్నేళ్లు పనిచేశాడన్నది లేకుండా సిలికోసిస్‌ను తేల్చలేరు. రెండోది ఎక్స్‌రే తీరు. సిలికోసిస్‌లో చిన్న గుండ్రటి మచ్చలు సాధారణంగా రెండువైపులా, ఇంచుమించు సమానంగా పైభాగంలో కనిపిస్తాయి. ఛాతీ మధ్యనున్న లింఫు గ్రంథుల చుట్టూ గుడ్డు పెంకులా సున్నపు గీత కనిపిస్తే అనుమానం మరింత బలపడుతుంది. క్షయలో మచ్చలు ఒకవైపు ఎక్కువగా, గుంటలు పడి ఉండొచ్చు. మూడోది కళ్లె పరీక్ష. సూక్ష్మదర్శినితో పాటు క్షయ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్‌, ట్రూనాట్‌ పరీక్షలు ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగానే చేస్తున్నారు. రెండూ ఉన్నాయని తేలితే క్షయ మందులు తప్పక వాడాలి. ఒక్కోసారి మామూలు ఆర్నెల్ల కంటే ఎక్కువ కాలమూ వాడాల్సి రావచ్చు.

మరి సిలికోసిస్‌కు చికిత్స? కట్టిన మచ్చను కరిగించే మందు లేదు. దుమ్ముకు దూరం కావడం, పొగ తాగుతుంటే మానేయడం, ఫ్లూ, న్యూమోనియా టీకాలు వేయించుకోవడం, క్షయ వచ్చిందేమోనని ఎప్పటికప్పుడు చూసుకోవడం, ముదిరితే ఆక్సిజన్‌... ఇవే ఉన్న దారులు. చిట్టచివరిది ఊపిరితిత్తుల మార్పిడి. రోజు కూలీతో బతికే మనిషికి అది ఎంత దూరంలో ఉంటుందో చెప్పనక్కర్లేదు. పైగా సిలికా దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్‌ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది.

విరుగుడు నీళ్లే

మందు లేని ఈ జబ్బుకు విరుగుడు ఉంది. నూరేళ్లకు పైగా ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా గనుల్లోకి గాలితో నడిచే డ్రిల్లు యంత్రాలు వచ్చాయి. పని వేగంగా సాగింది. దానితో పాటే దుమ్మూ పెరిగింది. ఆ డ్రిల్లుకు గని కార్మికులు పెట్టుకున్న పేరు ‘విధవల్ని చేసే యంత్రం’. కొలరాడోకు చెందిన జాన్‌ జార్జ్‌ లేనర్‌ అనే ఆయన డ్రిల్లు కడ్డీని లోపల బోలుగా చేసి, దానిగుండా నీళ్లు పంపే యంత్రాన్ని తయారుచేశాడు. రాయి పగిలే చోటే తడిస్తే దుమ్ము లేవదు. అంతే సూత్రం. తర్వాతి కాలంలో గనుల్లో తడి డ్రిల్లింగ్‌ మామూలైపోయింది.

మన బాల్కనీలోని గ్రైండర్‌కూ ఇదే సూత్రం. బ్లేడు రాయిని తాకే చోట నిమిషానికి అర లీటరు నీళ్లు సన్నగా పడుతుంటే, చేతి రంపాలతో కోసేటప్పుడు లేచే దుమ్ము దాదాపు 90 శాతం తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. అర లీటరంటే చిన్న వాటర్‌ బాటిల్‌. పొడి కోతకూ తడి కోతకూ మధ్య ఉన్న ఖర్చు అంతే.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే తప్పవుతుంది. మామూలు చేతి గ్రైండర్‌ కరెంటుది. కుర్రాణ్ని పక్కన నిలబెట్టి మగ్గుతో నీళ్లు పోయిస్తే దుమ్ము పోయి షాక్‌ రావచ్చు. అందుకే నీటి గొట్టం అమర్చి తయారుచేసిన తడి కటర్‌నే వాడాలి. అది కూడా కరెంటు కాస్త లీకైనా వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్న ప్లగ్గు నుంచే. ఇంటి మెయిన్‌ బోర్డులో అది ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడిగితే ఒక్క నిమిషంలో చెబుతాడు.

దీనికంటే మంచి దారి, కోత ఇంట్లో పెట్టకుండా చూసుకోవడం. రాతి దుకాణాల దగ్గర పెద్ద కటింగ్‌ మిషన్లు నీళ్లతోనే నడుస్తాయి. ఇంట్లో పొడి కోత పెట్టాల్సి రావడానికి కారణం చాలాసార్లు ఒక్కటే, కొలతలు ముందు తేల్చకపోవడం. సింకు, స్టవ్‌ ఏ మోడల్‌ అన్నది రాయి కొన్నాక నిర్ణయించుకుంటాం. అప్పుడు మేస్త్రీ బాల్కనీలో కూర్చుని కోయక ఏం చేస్తాడు? సింకు, స్టవ్‌ ముందే కొనండి. గట్టు కట్టాక మేస్త్రీతో కొలతలు తీయించండి. రంధ్రాలు కోయడం, అంచు గుండ్రంగా నూరడం, పాలిష్‌... అన్నీ దుకాణంలో తడి మిషన్‌ మీద చేయించి, ఇంటికి పలక అమర్చడానికి సిద్ధంగా తెప్పించండి. ఇంట్లో మిగిలేది చిన్న సర్దుబాటు కోత మాత్రమే.

ఆ కాస్త కోత తర్వాత కూడా చీపురుతో ఊడ్చకండి, ఫ్యాను వేయకండి. తడి బురద ఆరిందంటే మళ్లీ దుమ్మే. తడిగా ఉన్నప్పుడే గుడ్డతో ఎత్తేయాలి. మేస్త్రీ దుమ్ము బట్టలతోనే ఇంటికెళితే అది అతని పిల్లల దగ్గరికీ వెళుతుంది. కాళ్లూ చేతులూ కడుక్కుని బట్టలు మార్చుకునేందుకు మీ బాత్‌రూమ్‌ వాడుకోమని చెప్పండి.

మాస్కు సంగతి చివర్లో చెబుతున్నది కావాలనే. కర్చీఫ్‌, తువ్వాలు, ఆస్పత్రి నీలం మాస్కు... ఇవేవీ 5 మైక్రాన్ల రేణువును నమ్మకంగా ఆపలేవు. పక్కల నుంచి గాలి లోపలికి వస్తూనే ఉంటుంది. ఎన్‌95 రకం మొహానికి బిగుతుగా అతుక్కుంటేనే పనిచేస్తుంది. గడ్డం ఉంటే అతుక్కోదు. మండుటెండలో, బరువు పనిలో ఎనిమిది గంటలు దాన్ని బిగించుకుని ఉండటం ఎవరికైనా కష్టమే. అందుకే మాస్కు నీటికి తోడు మాత్రమే, బదులు కాదు.

లెక్కలోకి రాని మనుషులు

సిలికోసిస్‌ను గుర్తించిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన మన ఫ్యాక్టరీల, గనుల చట్టాల్లో దశాబ్దాల కిందటే వచ్చింది. పని వల్ల వచ్చిన జబ్బుకు యజమాని పరిహారం ఇవ్వాల్సిన జాబితాలోనూ ఉంది. అయినా అది దక్కాలంటే రెండు కావాలి. ఒకటి, జబ్బు సిలికోసిస్‌ అని రాసిన కాగితం. రెండు, ఫలానా చోట పనిచేశానని చూపే కాగితం. క్షయ అని రాసి పంపేస్తే మొదటిది లేదు. రోజుకో ఇంట్లో పనిచేసేవాడికి రెండోది ఎప్పుడూ లేదు.

అయినా పట్టుబట్టిన చోట ఫలితం వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని అలీరాజ్‌పూర్‌, ఝాబువా ప్రాంతాల గిరిజనులు గుజరాత్‌లోని గోధ్రా వైపు క్వార్ట్‌జ్‌ రాయి పిండి కొట్టే కర్మాగారాలకు కూలికి వెళ్లేవారు. ఊళ్లకు తిరిగొచ్చి, చిన్న వయసులోనే ఆయాసపడుతూ చనిపోయారు. ఏళ్ల న్యాయపోరాటం తర్వాత 2016లో సుప్రీంకోర్టు 238 మంది మృతుల కుటుంబాలకు మూడు లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని గుజరాత్‌ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఇసుకరాయి గనులు విస్తారంగా ఉన్న రాజస్థాన్‌ 2019లో న్యూమోకోనియోసిస్‌ కోసమే ఒక విధానం తెచ్చింది. వైద్యుల బోర్డు జబ్బును ధ్రువీకరిస్తే మూడు లక్షలు, మనిషి చనిపోతే కుటుంబానికి మరో రెండు లక్షలు ఇస్తామంది. ఆస్ట్రేలియా ఇంకో అడుగు వేసింది. వంటగట్టుల కోసం కృత్రిమ క్వార్ట్‌జ్‌ పలకలు కోసే యువకులు వరసగా జబ్బు పడుతుండటంతో 2024 జులై 1 నుంచి ఆ పలకల తయారీని, సరఫరాను, కోతను నిషేధించింది.

కరీంనగర్‌, ఖమ్మం క్వారీల నుంచి ఒంగోలు దాకా రాతి పని మీద బతికే ఊళ్లు మనకూ తక్కువేం లేవు. అలాంటి ప్రతి మండలంలో రాతి పనివారికి ఏటా ఒక ఎక్స్‌రే, ఒక ఊపిరి పరీక్ష జరగాలి. క్షయ నమోదు కాగితంలో ‘వృత్తి’ అన్న గడి ఖాళీగా మిగలకూడదు. జబ్బు తేలినవాడికి ఏ యజమాని దగ్గర పనిచేశాడో నిరూపించుకోమని చెప్పి తిప్పి పంపకుండా, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధి నుంచి ఆసరా అందాలి. ఇవి ప్రభుత్వం చేయాల్సినవి. గట్టిగా అడగాల్సింది మనం.

అడగడం మన ఇంటి నుంచే మొదలుపెట్టొచ్చు. ఈసారి రాయి బేరమాడేటప్పుడు చదరపు అడుగు ధరతో పాటు ఇంకో మాట కూడా కలపండి. ‘మేస్త్రీ గారూ, కోత నీళ్లతోనే కదా?’ అనండి. తడి కోతకు కాస్త సమయం ఎక్కువ పడుతుంది, నాలుగు రూపాయలు ఎక్కువ అడుగుతాడు. ఇవ్వండి. అతను దగ్గుతున్నాడా, మెట్లెక్కితే ఆగుతున్నాడా గమనించండి. ఎన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నాడో అడగండి. పదేళ్లు దాటితే ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమని, ఆస్పత్రిలో డాక్టరు అడగకపోయినా ‘నేను రాయి కోస్తానండీ’ అని తనే ముందుగా చెప్పమని చెప్పండి. ఆ ఒక్క మాట చీటీలో పడితే, తర్వాతి ఎక్స్‌రేను చదివే డాక్టరు చూపే మారిపోతుంది.